డాక్టరుతో ప్రశ్నల కార్యక్రమం: ప్రకటనలో ఏం రాయాలి, ఏం రాయకూడదు

ప్రశ్న: మా ఊరి ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం తరఫున నవంబర్ 15 ఆదివారం షుగర్ వైద్య నిపుణుడితో ఆన్‌లైన్‌లో ‘ఏదైనా అడగండి’ కార్యక్రమం పెడుతున్నాం. సభ్యులు ఊళ్లోనూ, హైదరాబాదులోనూ, కువైట్, దుబాయ్, అమెరికాల్లోనూ ఉన్నారు. పోయినసారి ‘డాక్టరుగారు వస్తున్నారు, రేపు సాయంత్రం ఏడున్నరకు, ఏదైనా అడగండి’ అని రాశాం. గంటలో ఆరుగురి ప్రశ్నలే తేలాయి. సగం మంది టైము పొరబడ్డారు. డాక్టరుగారు కూడా ఇబ్బంది పడ్డారు. ఈసారి ప్రకటన ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

సమాధానం:

చిక్కు తెచ్చింది ‘ఏదైనా’ అన్న మాట. అది చదివి బిడియస్థులు ఏం అడగాలో తోచక ఊరుకుంటారు. చొరవ ఉన్నవారు ఇంట్లోని మందుల చీటీ తెచ్చి డాక్టరు ముందు పెడతారు. రోగిని చూడకుండా ఆ చీటీ మీద ఆయన ఏమీ చెప్పలేరు, అడిగిన మనిషిని ఒట్టి చేతులతో పంపనూ లేరు. అలా ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు గడిచిపోతాయి. నేను పదిహేనేళ్లకు పైగా రేడియోలోనూ, తర్వాత ఆన్‌లైన్‌లోనూ డాక్టర్లతో, వ్యవసాయ శాస్త్రవేత్తలతో ఇలాంటి కార్యక్రమాలు నడిపాను. ప్రకటన ఎంత విడమరచి ఉంటే ప్రశ్నలు అంత సూటిగా వస్తాయి. అడిగేవారి చదువుకు ఇందులో పెద్ద పాత్ర లేదు.

తిరుమల తిరుపతి దేవస్థానం ‘డయల్ యువర్ ఈవో’, ఆర్టీసీ డిపోల ‘డయల్ యువర్ డీఎం’ ప్రకటనలు పత్రికల్లో చూసే ఉంటారు. తేదీ, గంట, ఫోను నెంబరు ఉంటే చాలు, అవి నడిచిపోతాయి. డిపో మేనేజరును బస్సుల గురించి తప్ప మరేమీ అడగరు కాబట్టి అక్కడ హద్దు గీయవలసిన పని లేదు. షుగర్ డాక్టరు విషయంలో అలా కాదు. కన్ను, కిడ్నీ, గుండె, గర్భం, తిండి, నిద్ర అన్నీ షుగర్‌తో ముడిపడినవే. హద్దు మీరే గీయాలి.

అందుకని ప్రకటన రాయడానికి ముందు డాక్టరుగారితో ఒక అరగంట మాట్లాడండి. ఏయే విషయాలు చెబుతారని అడిగితే ‘అన్నీ చెబుతానండి’ అంటారు. ఎలాంటి ప్రశ్న వస్తే ఇబ్బంది పడతారో అడగండి. దానికి వచ్చే జవాబులోంచే సగం ప్రకటన తయారవుతుంది.

తర్వాత తేదీ వైపు చూడండి. నవంబర్ 16న మొదటి కార్తీక సోమవారం. మీ సభ్యుల ఇళ్లలో ఉపవాసాలు ఉండేవారు, తెల్లవారుజామున నదీస్నానాలకు వెళ్లేవారు, ఒట్టి కాళ్లతో గుడిమెట్లు ఎక్కేవారు తప్పకుండా ఉంటారు. ఉపవాసం అందరికీ ఒకే ప్రమాదం కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారిలో పూట తిండి మానినా షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఆ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని తిండి మానితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. పాదాలు మొద్దుబారినవారికి మెట్ల మీద రాయి కోసినా, దీపం సెగ తగిలినా తెలియదు. పుండు పడ్డాక చూసుకుంటారు. కాబట్టి ఈసారి విషయాలు మూడు చాలు: ఉపవాసమూ మందులూ, పాదాలు, రోజువారీ తిండి. కన్ను, కిడ్నీ, గర్భిణులకు వచ్చే షుగర్, పిల్లల్లో వచ్చే టైప్ 1 ఈసారి లేవని పేరుపేరునా రాయండి. ఆ మాట లేకపోతే ఆరు నెలల గర్భిణి గంటన్నర కూర్చుని, తన వంతు రాక, నొచ్చుకుని వెళ్తుంది.

ఇక్కడ మీ తేదీలో ఒక ఇరకాటం ఉంది, ముందే చూసుకోండి. కార్యక్రమం ఆదివారం రాత్రి ముగుస్తుంది, ఉపవాసం సోమవారం పొద్దున మొదలవుతుంది. మాత్ర మార్చాలా వద్దా అన్నది తన డాక్టరును అడగడానికి మనిషికి మధ్యలో ఒక్క గంట కూడా పగటిపూట లేదు. వారం ముందుకు జరుపుదామంటే నవంబర్ 8 దీపావళి, ఎవరూ రారు. అందుకని తేదీని అలాగే ఉంచి ప్రకటనలోనే చెప్పండి: మొదటి సోమవారం ఉపవాసం ఉండదలచినవారు ఈ కార్యక్రమం కోసం ఆగకుండా ఆ వారంలోనే తమ డాక్టరును అడగాలి, ఇక్కడ చెప్పేది 23, 30, డిసెంబర్ 7 సోమవారాలకు పనికొస్తుంది. చదివేవారి తరఫున క్యాలెండరు చూసి రాసిన ఇలాంటి ఒక్క వాక్యంతో ప్రకటన మీద నమ్మకం కుదురుతుంది.

విషయాలను ఒంటి మాటల్లో రాయకండి. ‘ఆహార నియమాలు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తోచదు. ‘అన్నం మానేసి రాగి సంకటి తింటే షుగర్ పెరగదా?’ అని రాస్తే చదివినామె ‘నేనూ అదే అడుగుదామనుకున్నాను’ అనుకుంటుంది, దానికి తోడు జొన్నరొట్టె గురించి కూడా అడుగుతుంది. ఒక్కో విషయానికి ఒక్కో నమూనా ప్రశ్న ఇస్తే హద్దూ తెలుస్తుంది, ధైర్యమూ వస్తుంది. ఆకుల పసర్లు, పొడుల గురించి అడగవచ్చునని కూడా రాయాలనే నా సలహా. చాలామంది డాక్టర్లు మొదట వద్దంటారు. కానీ జనం వాటిని ఎలాగూ వాడుతున్నారు, తమ డాక్టరుకు చెప్పకుండా వాడుతున్నారు. మాత్ర మానేసి పసరు తాగేవాడు ఆ మాట బయటపెట్టగల చోటు ఇదొక్కటే కావచ్చు. డాక్టరుగారిని ఒప్పించండి.

తీసుకోని ప్రశ్నల్లో మొదటిది మోతాదు. ‘ఈ మాత్ర ఒకటికి రెండు చేయమంటారా’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదని కారణంతో సహా రాయండి. మన దేశంలో 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దూరం నుంచి చేసే వైద్యంలో కూడా రోగి ఎవరో డాక్టరుకు, డాక్టరు ఎవరో రోగికి తెలిసి ఉండాలి. పేరు చెప్పకుండా రెండు వందల మంది వింటుండగా అడిగినదానికి మందు రాయడం వైద్యం కాదు. డాక్టరుగారు పోయినసారి ఇబ్బంది పడింది ఇక్కడేనని నా అనుమానం. ప్రకటనలో ఈ మాట ఉంటే, ఆయన కాదనవలసి వచ్చినప్పుడు అది మొండితనంలా కనబడదు.

అన్నిటికంటే బరువైన వాక్యం ఒకటి ఉంది. ప్రశ్నల కోసం వారం రోజులు ఒక నెంబరు తెరిచి ఉంచుతారు కదా. ఏదో ఒక రాత్రి ‘నాన్నకు చెమటలు పోస్తున్నాయి, చేతులు వణుకుతున్నాయి, ఏం చేయాలి’ అని అందులోకి ఒక సందేశం వస్తుంది. పంపినవారు జవాబు కోసం ఎదురుచూస్తారు. నెంబరు చూసుకునే కుర్రవాడు నిద్రపోతుంటాడు. నాకు ఇది జరిగింది. ఆ ఇంట్లో పక్కింటావిడ పంచదార నీళ్లు తాగించబట్టి ఏమీ కాలేదు. అప్పటినుంచి నెంబరు పక్కనే, అదే వరుసలో, ‘ఇది అత్యవసర సహాయానికి కాదు, ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చేయండి’ అని రాయిస్తున్నాను. విదేశాల్లోనివారికి అక్కడి అత్యవసర నెంబరు అని చెప్పాలి. నెంబరు చూసుకునేవారు పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి సందేశాలన్నీ తెరిచి చూడాలి.

ఇక ప్రశ్న పంపే తీరు. దారి ఒక్కటే ఉండాలి. గ్రూపులో కొందరు, ఫోనులో కొందరు, అధ్యక్షుడికి చెప్పి కొందరు అడిగితే సగం ప్రశ్నలు దారిలోనే పోతాయి. ఒక వాట్సాప్ నెంబరు పెట్టండి, గ్రూపులో రాయవద్దని చెప్పండి. గ్రూపులో రాస్తే వచ్చే నష్టం ఏమిటంటే, జనం ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి పెట్టేస్తారు. అందులో పేరు, వయసు, ఆసుపత్రి నెంబరు, వైద్యం చేసే డాక్టరు పేరు ఉంటాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంటివాళ్లు ఆ గ్రూపులోనే ఉంటారు. రిపోర్టులు పంపవద్దని, అంకెలు చాలని, పేరు చదవబోమని రాయండి. ‘కువైట్ నుంచి ఒక సోదరి’ అంటే చాలు.

టైపు చేయలేనివారికి గొంతు సందేశం తప్పనిసరిగా అనుమతించండి, నిమిషానికి మించకుండా. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు ఫోను చేతికి దొరికేదే రాత్రి పొద్దుపోయాక. వాళ్లను ఫారం నింపమంటే నింపరు, గొంతుతో చెప్పమంటే చక్కగా చెబుతారు.

ప్రశ్నతో పాటు ఏమేమి చెప్పాలో రాయకపోతే ఏమవుతుందో చూడండి. ‘కువైట్ నుంచి. నాకు షుగర్ 9 ఉంది. సోమవారం ఉపవాసం ఉండవచ్చా?’ అని వచ్చిందనుకోండి. ఆ 9 ఏమిటి? మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9 శాతమా? లేక గ్లూకోమీటరులో వచ్చిన అంకెనా? మన దేశంలోనూ అమెరికాలోనూ మీటరు mg/dL చూపిస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ, గల్ఫ్‌లో చాలా ఆసుపత్రుల్లోనూ mmol/L వాడతారు. రెండో దాన్ని 18తో గుణిస్తే మొదటిది వస్తుంది. అంటే మీటరులో 9 అయితే మన లెక్కలో 162. హెచ్‌బీఏ1సీ 9 శాతమైతే కథ వేరు, షుగర్ నెలల తరబడి అదుపులో లేదని అర్థం. పైగా 162 పరగడుపున వచ్చిందా, భోజనం చేసిన రెండు గంటలకు వచ్చిందా అన్నది తెలియాలి. ఇవన్నీ డాక్టరుగారు ప్రత్యక్షంలో ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవాలంటే ఆరు ప్రశ్నలకే గంట అయిపోతుంది.

అదే ప్రశ్న ప్రకటన చదివాక ఇలా వస్తుంది: ‘వయసు 46. షుగర్ వచ్చి ఆరేళ్లు. పొద్దున మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటాను. పరగడుపున మీటరులో 9.0 mmol/L. పగలంతా నిలబడి పని. ఉపవాసం రోజు పొద్దున్నుంచి చుక్క కనబడేదాకా తినను. ప్రమాదం ఎప్పుడు వస్తుంది, ఎలా గుర్తుపట్టాలి?’ దీనికి డాక్టరుగారు మూడు నాలుగు నిమిషాల్లో పనికొచ్చే జవాబు చెప్పగలరు. ఆ రెండో మాత్ర వల్ల, పని వల్ల మధ్యాహ్నానికి షుగర్ పడిపోవచ్చని, చెమట, వణుకు, గుండెదడ కనబడితే మీటరు చూసుకోవాలని, 70 కంటే, అంటే ఆమె మీటరులో 3.9 కంటే తగ్గితే వెంటనే పంచదార నీళ్లు తాగి ఉపవాసం విరమించాలని చెబుతారు. మాత్ర సంగతి మాత్రం ఆమె డాక్టరునే అడగమంటారు. మోతాదు జోలికి పోకుండానే ఆమెకు కావలసింది దొరికింది. అదే మాత్ర వేసుకునే మరో ముప్ఫై మంది విన్నారు.

సమయం దగ్గరికి వద్దాం. పోయినసారి ‘రేపు’ అని రాశారు. వాట్సాప్‌లో అన్ని సందేశాలనూ అందరూ పంపిన రోజే చదవరు. శనివారం పంపిన ‘రేపు’ సోమవారం చదివినవారికి మంగళవారం అవుతుంది. తేదీ, వారం, సంవత్సరం మూడూ రాయండి. పాత ప్రకటనలు మరుసటి ఏడాది మళ్లీ తిరుగుతుంటాయి కాబట్టి సంవత్సరం కూడా కావాలి. గడువు పెట్టేటప్పుడు ‘శుక్రవారం రాత్రి 12 లోపు’ అనవద్దు, అది ఏ రోజు రాత్రో సగం మందికి తేలదు. రాత్రి 9 అనండి.

అమెరికా టైములు పాత ప్రకటన నుంచి ఎత్తి రాయకండి. అక్కడ నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. వేసవిలో న్యూయార్క్‌కూ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు, 15వ తేదీ నాటికి పదిన్నర. మన ఏడున్నర అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 9, డల్లాస్‌లో 8, కాలిఫోర్నియాలో 6. దుబాయ్‌లో సాయంత్రం 6, కువైట్‌లో 5. గల్ఫ్ గడియారాలు మారవు. కానీ కువైట్‌లో ఆదివారం పనిదినం. సాయంత్రం ఐదంటే ఇళ్లలో పనిచేసేవారికి వంట వేళ. వాళ్లు ప్రత్యక్షంగా రాలేరని ముందే ఒప్పుకుని, ముందుగా పంపిన ప్రశ్నలకే మొదట జవాబులు వస్తాయని, రికార్డింగు ఉంటుందని రాయండి. రికార్డు చేస్తున్న సంగతి మిగతావారికీ ముందే తెలియాలి.

ఎన్ని ప్రశ్నలు పడతాయో లెక్క వేసి చెప్పండి. ఈసారి గంటన్నర పెట్టండి, అంటే 90 నిమిషాలు. పరిచయానికి పది, చివర ఐదు తీసేస్తే 75. ఒక్కో జవాబుకు నాలుగు నిమిషాల చొప్పున పద్దెనిమిది ప్రశ్నలు. అందులో పన్నెండు ముందుగా వచ్చినవి, ఆరు అక్కడికక్కడ అడిగేవి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఒకటిగా అడిగితే మరికొందరికి న్యాయం జరుగుతుంది. మిగిలిన వాటికి తర్వాత రాతపూర్వకంగా జవాబిస్తామని మాత్రం రాయకండి. నేను ఒకసారి అలా మాట ఇచ్చాను. వందకు పైగా మిగిలాయి, డాక్టరుగారికి తీరిక లేకపోయింది, తర్వాతి కార్యక్రమానికి ఆ ఊళ్లలో చాలామంది ప్రశ్నలే పంపలేదు.

ఇవన్నీ కలిపి ప్రకటన ఇలా రాయవచ్చు:

> షుగర్ ఉన్నవారికి కార్తీకమాసంలో: ఉపవాసం, పాదాలు, తిండి. షుగర్ వైద్య నిపుణులతో ప్రశ్నలు, జవాబులు.
>
> 2026 నవంబర్ 15, ఆదివారం. భారత కాలమానం రాత్రి 7:30 నుంచి 9:00 వరకు. (కువైట్ సాయంత్రం 5:00, దుబాయ్ 6:00, న్యూయార్క్ ఉదయం 9:00, డల్లాస్ 8:00, కాలిఫోర్నియా 6:00)
>
> ఇలాంటివి అడగండి: ‘ఈ మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉంటే ఏం జాగ్రత్త పడాలి?’ ‘అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, గుడికి చెప్పులు లేకుండా వెళ్లవచ్చా?’ ‘అన్నం మానేసి రాగి సంకటి తింటే షుగర్ పెరగదా?’ విన్న చిట్కాలు, పసర్లు, పొడుల గురించి కూడా అడగవచ్చు.
>
> ఈసారి లేనివి: కన్ను, కిడ్నీ, గర్భిణుల షుగర్, పిల్లల టైప్ 1. మందు మోతాదు పెంచడం, తగ్గించడం గురించి చెప్పరు. మిమ్మల్ని పరీక్షించే డాక్టరే అది చెప్పాలి. 16వ తేదీ సోమవారం ఉపవాసం ఉండేవారు ఈ కార్యక్రమం కోసం ఆగకుండా ముందే మీ డాక్టరును కలవండి.
>
> ప్రశ్నలు ఈ ఒక్క వాట్సాప్ నెంబరుకే పంపండి: (నెంబరు ఇక్కడ). ఇది అత్యవసర సహాయానికి కాదు. ప్రాణం మీదికి వస్తే 108కి, విదేశాల్లో అక్కడి అత్యవసర నెంబరుకు ఫోను చేయండి.
>
> నాలుగు సంగతులు, ఒక ప్రశ్న: మీ వయసు. షుగర్ వచ్చి ఎన్నేళ్లు. మందుల పేర్లు. మీటరులో వచ్చిన అంకె, దాని పక్కన కనబడే అక్షరాలు (mg/dL లేదా mmol/L), పరగడుపునా తిన్నాకనా. నిమిషంలోపు గొంతు సందేశం కూడా పంపవచ్చు. రిపోర్టుల ఫొటోలు వద్దు. మీ పేరు చదవము.
>
> నవంబర్ 13, శుక్రవారం రాత్రి 9 వరకు (భారత కాలమానం) వచ్చిన ప్రశ్నల్లో పన్నెండింటికి మొదట జవాబులు. తర్వాత అక్కడికక్కడ ఆరు ప్రశ్నలు. అన్నిటికీ సమయం చాలదు. ఒకేలాంటివి కలిపి అడుగుతాం. కార్యక్రమం రికార్డు చేస్తాం, మర్నాడు గ్రూపులో పెడతాం.

దీన్ని బొమ్మగా చేసి పంపకండి. అందమైన పోస్టరులోని నెంబరును వేలితో నొక్కితే ఫోను కలవదు, చూపు లేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. పోస్టరు కావాలంటే పంపండి గానీ, దాని కిందే మాటలు కూడా ఉండాలి. దీపావళి హడావుడి మొదలుకాకముందే, 4వ తేదీ ప్రాంతంలో ఒకసారి, 12న గడువు గుర్తుచేస్తూ ఒకసారి పంపితే చాలు. రోజూ పంపితే చదవడం మానేస్తారు. పంపిన తర్వాత సమయం గానీ విషయం గానీ మారితే పాతదాన్ని దిద్ది ఊరుకోకండి. అది అప్పటికే పది గ్రూపులకు వెళ్లి ఉంటుంది. ‘మార్పు’ అని మొదటి మాటగా పెట్టి, పాత సమయం, కొత్త సమయం రెండూ రాసి మళ్లీ పంపండి.

కార్యక్రమం అయిన మర్నాడు ఆ వాట్సాప్ నెంబరులో, ఎవరు సందేశం పంపినా దానంతటదే వెళ్లే జవాబు ఒకటి పెట్టండి: ‘నవంబర్ 15 కార్యక్రమం ముగిసింది, ఈ నెంబరుకు వచ్చే ప్రశ్నలు ఇక ఎవరూ చూడరు, మీ డాక్టరును సంప్రదించండి.’ వాట్సాప్ బిజినెస్‌లో ఆ సదుపాయం ఉంది. ఆ నెంబరు ఉన్న సందేశం వచ్చే వేసవిలో కూడా ఎవరి ఫోనులోనో తిరుగుతూనే ఉంటుంది.